బాయొనెట్ తొడుగులో మైనం

పోలీసు ఆర్మరర్ అంటే ఏం చేస్తాడని మా నరసరావుపేటలో ఎవరినైనా అడగండి. "తుపాకులు తుడుస్తాడు" అంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. తుపాకీ విప్పడం, బిగించడం, స్ప్రింగు ఎందుకు అలిసిపోయిందో కనిపెట్టడం, పట్టుబడ్డ ఆయుధాల మీద అభిప్రాయం రాయడం, ఇవన్నీ ఎవరికీ కనపడవు, గుడ్డముక్క ఒక్కటే కనపడుతుంది. రిటైరయ్యాక ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వాళ్ళు చెప్పింది నిజమే, మేం తుడుస్తాం. నా సర్వీసులో నేను చేసిన అతి పెద్ద తప్పు కూడా తుడవడమే.

నా తరవాత ఆ వర్క్‌షాపులోకి వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, అవి రావాల్సినప్పుడు రాలేదు, వచ్చినప్పుడు సంతోషమూ వెయ్యలేదు. రిజిస్టర్లు ఎలా నింపాలో మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్క బాయొనెట్ సంగతి.

ఉస్తాద్ మోటారు సైకిలు

మాది కిరాణా వ్యాపారం చేసే ఇల్లు. మా తాత, నాన్న, బాబాయిలు అందరూ కొట్టు మీద కూర్చున్నవాళ్ళే. నేను ఆర్మ్‌డ్ రిజర్వులో చేరతానంటే మా నాన్న, "తక్కెడ పట్టుకునే చేత్తో తుపాకీ పట్టుకుంటావంట్రా! చూసినోళ్ళు నవ్విపోతారు" అన్నాడు. నవ్వారు కూడా. ట్రైనింగులో నన్ను చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు మా డ్రిల్లు మాస్టారు ఖాదర్ ఉస్తాద్. నన్ను చివరిదాకా "సేటూ" అనే పిలిచాడు.

మాకు అప్పట్లో రైఫిలు మీద బాయొనెట్ బిగించి గడ్డి బొమ్మల్ని పొడిచే డ్రిల్లు ఉండేది. ఒకరోజు నేను నోరు ఊరుకోక, "ఉస్తాద్, తూటా ఉండగా ఈ కత్తి ఎందుకు?" అని అడిగాను. ఇంకొకడైతే గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాడు. ఆయన పన్నెండు మందిని వరసగా నిలబెట్టి, తలా ఒక కర్ర ఇచ్చి, "ఇవి పాతకాలం మస్కెట్లు. నేను గుర్రపు సిపాయిని" అంటూ మోటారు సైకిలు ఎక్కాడు.

మస్కెట్‌లో మందు, గుండు బారెల్ మూతి నుంచే పొయ్యాలి. ముందు మందూ గుండూ చుట్టిన కాగితం తూటా పళ్ళతో చించాలి. కాస్త మందు పక్కనున్న చిన్న పళ్ళెంలో పోసి మూసెయ్యాలి, మిగిలింది బారెల్‌లో పొయ్యాలి. ఆపైన గుండు వేసి, గజం కడ్డీతో దిగగొట్టి, కడ్డీ మళ్ళీ యథాస్థానంలో దోపి, సుత్తి వెనక్కి లాగి, అప్పుడు పేల్చాలి. చేయి తిరిగినవాడు కూడా నిమిషానికి రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు పేలుస్తాడు. ఉస్తాద్ ఇవన్నీ ఒకసారి అభినయించి చూపి, "మొదటిసారి పేల్చేశారు. మళ్ళీ నింపండి" అని అరిచి గ్రౌండు ఆ చివర నుంచి బండి దూకించాడు. మేం ఉత్త కర్రలతో ఉత్త మందు పోసుకుంటూ ఇంకా కడ్డీ దగ్గరే ఉన్నాం, బండి మా మీదికి వచ్చేసింది. పన్నెండు మందీ చెల్లాచెదురయ్యాం. నేను గ్రౌండు పక్క మురుగు కాలవలో పడ్డాను.

"సచ్చారు గదరా! పేలని తుపాకీ ఉత్త దుడ్డుకర్ర. అందుకే ఆ రోజుల్లో తుపాకీవాళ్ళ పక్కన బల్లెంవాళ్ళని పెట్టేవాళ్ళు" అన్నాడు. మాలో ఆరుగురికి ముగ్గురు మనుషుల పొడుగు వెదురు గడలు ఇచ్చి మిగతావాళ్ళ పక్కన నిలబెట్టాడు. ఈసారి బండి గడల ముందు ఆగింది. "కాపాడారు. బాగుంది. కానీ ఈ ఆరుగురూ పేల్చగలరా? సగం దండు ఉత్తగా నిలబడి చూస్తంది. దీనికేంది దారి?"

దారి ఏమిటంటే, తుపాకీనే బల్లెం చెయ్యడం. మొదట చేసింది మాత్రం తిక్క పని. కత్తి పిడిని సన్నగా చెక్కి బారెల్ మూతిలో బిరడాలాగా దిగగొట్టారు. ఉస్తాద్ ఒక ఇనప పైపు మూతిలో వంటింటి కత్తి పిడి దూర్చి నా చేతికిచ్చి, "పేల్చు సేటూ" అన్నాడు. మూతి మూసుకుపోయాక ఎలా పేల్చేది? మందు ఎలా పోసేది? బిరడా పెడితే తుపాకీ లేదు, తీస్తే బల్లెం లేదు. శత్రువు మీదికొచ్చే క్షణంలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. బిరడా దిగగొట్టుకుంటూ ఉండగానే ప్రాణాలు పోయిన సిపాయిలు ఉన్నారని ఆయన చెప్పాడు.

ఆ తరవాత వచ్చింది సాకెట్ బాయొనెట్. అప్పుడు ఉస్తాద్ ఆర్మరీ నుంచి పాతది ఒకటి తెప్పించి మా చేతుల్లో తిప్పాడు. దానికి పిడి ఉండదు. పిడి ఉండాల్సిన చోట బోలు గొట్టం ఉంటుంది, మేం తొడుగు అంటాం. అది బారెల్ లోపలికి పోదు, బారెల్ మీదికి ఎక్కుతుంది. తొడుగుకి మెలిక తిరిగిన గాడి ఒకటి కోసి ఉంటుంది. బారెల్ మీదున్న చిన్న ఇనప మొటిమ ఆ గాడిలోంచి వెళ్ళి, తిప్పితే మెలిక దగ్గర చిక్కుకుంటుంది. ఇక లాగినా తేలిగ్గా ఊడదు. తొడుగు నుంచి ఒక మెడ పక్కకి వంగి, అక్కడి నుంచి మొన ముందుకు సాగుతుంది. ఆ వంపు అందం కోసం కాదు. గుండు పోయే దారికి మొన అడ్డం రాకూడదు, కడ్డీ దిగగొట్టే చేతికి దారి ఉండాలి. చెయ్యి జాగ్రత్తగా పెట్టుకుంటే బాయొనెట్ ఉండగానే మందు నింపొచ్చు, పేల్చొచ్చు.

మొన మూడు పలకలు. చాలామంది, మా డిపార్టుమెంటులో వాళ్ళు కూడా, మూడు పలకల గాయం మానకూడదని అలా చేశారంటారు. ఉత్త పుకారు. మూడు పలకలైతే తక్కువ ఇనుముతో వంగకుండా గట్టిగా ఉంటుంది, అంతే. ఇంకో మాట కూడా ఉస్తాద్ మా వేళ్ళతో తడిమించి చెప్పాడు: దానికి పదును ఉండదు. పొడుస్తుంది, కొయ్యదు.

ఇంత చిన్న తొడుగు వల్ల దండు రూపమే మారిపోయింది. బల్లెంవాళ్ళు పోయారు, ప్రతి సిపాయీ పేల్చేవాడే, ప్రతి సిపాయీ పొడిచేవాడే. లోతుగా గుంపు కట్టాల్సిన పని లేక మూడు వరసలు, తరవాత రెండు వరసలు చాలాయి. వరస పలచనైన కొద్దీ వెడల్పయింది, వెడల్పైన కొద్దీ ఒక్కసారే ఎక్కువ తుపాకులు మోగాయి. గుర్రాలు వస్తే నాలుగు వైపులా ముఖాలు పెట్టి చతురస్రం కట్టేవాళ్ళు. ముందు వరస మోకాలు వేసి తుపాకీ మడమ నేలకు ఆనించి మొనలు పైకి పెడితే, వెనక వరసలు పేలుస్తూ ఉండేవి. ఉస్తాద్ మా చేత ఆ చతురస్రం కూడా కట్టించి మళ్ళీ బండి మీద వచ్చాడు. మేం కదల్లేదు. పది గజాల దూరంలో కీచుమని బ్రేకు వేశాడు.

"చూశారా, నేనూ ఆగాను. గుర్రానికి నాకంటే తెలివి ఎక్కువ, అదీ ఆగుద్ది. మనుషులూ అంతే. ఒకసారి పేల్చి, పొగలోంచి మొనలు ముందుకు పెట్టి అరుస్తా వస్తే, తగలకముందే చానా మంది తిరిగి పరిగెత్తేవోళ్ళు. ఇది పొడిచింది తక్కువ, తరిమింది ఎక్కువ." నా చేతిలోంచి బాయొనెట్ తీసుకుని, "తుపాకీ లేకుండా దీన్ని పట్టుకో సేటూ" అన్నాడు. పట్టుకున్నాను. వంకర మెడ, బోలు గొట్టం, ఎటు పట్టుకున్నా మణికట్టు తిరిగిపోతోంది. "పిడి లేదు గదా! దీనికి తుపాకీయే పిడి" అన్నాడు.

ఆ మాట నేను పాతికేళ్ళు అందరికీ చెప్పాను. కావాల్సిన రోజున మాత్రం గుర్తు రాలేదు.

నా రిపోర్టు

నాదెండ్ల వైపు ఒక ఊళ్ళో మిరప చేలకు నీళ్ళు పెట్టే దగ్గర రెండు కుటుంబాలకు గొడవైంది. పక్క చేను రైతుకి ముంజేతి మీద గాయమైంది. "రూతు అనే పిల్ల వాళ్ళింట్లో ఉన్న తుపాకీ బల్లేన్ని కర్రకు తొడిగి నన్ను పొడిచింది" అని ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు రెండు గంటల్లోనే రూతు ఇంటికి వెళ్ళి ఆ వస్తువునీ, పెరట్లో ఒక వెదురు కర్రనీ పట్టుకుని, పంచనామా రాసి, గుడ్డ చుట్టి సీలు వేశారు. దాంతో ఆ గాయం అవుతుందా అన్న అభిప్రాయం కోసం నా దగ్గరికి పంపారు.

సీలు విప్పాను. పాత సాకెట్ బాయొనెట్, తుప్పు పట్టి ఉంది. ఏ సిపాయి ఎప్పుడు వదిలేసి పోయాడో ఎవరికీ తెలియదు. ఇక్కడ నా చెయ్యి చేసిన పని చూడండి. తుప్పు కనపడగానే కిరసనాయిలు గుడ్డ అందుకుని మొన తుడవడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు. పాతికేళ్ళ అలవాటు, ఇనుము చేతికొస్తే ముందు తుడవడం. ఒక పలక తళతళలాడించి రెండోది మొదలుపెట్టేలోపు గార్డు రైఫిల్ ఏదో ఇరుక్కుపోయిందని పిలుపొచ్చింది. వెళ్ళొచ్చి, మిగతాది వదిలేసి, పది నిమిషాల్లో రాసిచ్చాను: "ఇది మస్కెట్‌కు తగిలించే బాయొనెట్. మనిషిని పొడిచి చంపడానికి తయారుచేసిన ఆయుధం."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. వాళ్ళు అడిగింది మాత్రం అది కాదు.

రూతు

పన్నెండు రోజుల తరవాత ఒక అమ్మాయి వర్క్‌షాపు గేటు దగ్గరికొచ్చి నా కోసం అడిగింది. సన్నగా, పొడుగ్గా, ఎండకు నల్లబడి ఉంది. తానే రూతునని చెప్పింది. కేసు ఉన్నవాళ్ళు నా దగ్గరికి రాకూడదు, ఆ మాటే అన్నాను.

"తెలుసు సార్. రెండు ముక్కలు చెప్పి పోతా. కానిస్టేబులు సెలక్షన్‌లో నా పేరొచ్చింది. వెరిఫికేషన్‌కి ఇంకా పది రోజులుంది. కేసుందని రాస్తే నా పేరు కొట్టేస్తారు. మూడేళ్ళు పరిగెత్తాను సార్, చేలో పని చేసొచ్చి పరిగెత్తాను." గేటు బయటే నిలబడి మిగతాది కూడా చెప్పింది. "మా ఇంట్లో అది కొవ్వొత్తి పెట్టేది. మొన చెక్క దిమ్మలో దిగ్గొట్టి ఉంటది, పైన గొట్టంలో కొవ్వొత్తి నిలబెట్టి మా నాయనమ్మ ప్రార్థన చేసుకుంటది. మీరు మనిషిని చంపేదని రాశారంట. అది అబద్ధమని నేననట్లా. నేను దాంతో చేశానని వాళ్ళంటున్న పని, దాంతో చెయ్యగలరా? అది చూశారా సార్?"

చూడలేదు. "పో అమ్మా, చూస్తా" అని మాత్రం అన్నాను. ఖాదర్ ఉస్తాద్ బతికుంటే నన్ను గ్రౌండు చుట్టూ కాదు, పేట చుట్టూ పరిగెత్తించేవాడు.

మర్నాడు ఆ కేసు చూస్తున్న సి.ఐ. గారికి కాగితం పెట్టాను: "నా మొదటి పరీక్ష సరిగా జరగలేదు. సాక్షులుగా పంచాయతీదారులను పెట్టుకుని మళ్ళీ చూడటానికి అనుమతి ఇవ్వండి." ఆయన చదివి కాగితం బల్ల మీద పడేశాడు.

"ఏందయ్యా ఇది? రిపోర్టిచ్చాక మళ్ళా చూసేదేంది? ఆ పిల్ల ఏమన్నా మీ చుట్టమా?"

"కాదు సార్. తప్పు నాది."

"రేపు ఏ ప్లీడరన్నా ఈ కాగితం ఊపుతా అడిగితే, నువ్వు రాసిన పాత రిపోర్టులన్నీ ఎవడు నమ్ముతాడు?"

నేను ఆ కాగితం బల్ల మీద నుంచి తీసి మళ్ళీ ఆయన ముందు పెట్టాను. ఆయన ఇంకోసారి చదివి, "గురువారం పొద్దున రా. నా ముందే చూడాల" అన్నాడు.

సి.ఐ. గారి గది

గురువారానికి నేను ఊరికే పోలేదు. నీళ్ళ పైపు ముక్కతో, కడ్డీతో అదే కొలతకి, అదే వంపుతో ఒక నకలు చేసుకున్నాను. పత్తి కూరిన గోనె సంచి ఒకటి ఆటోలో వేసుకెళ్ళాను. ఆటో డ్రైవరు "పోలీసోళ్ళు పత్తి యాపారం ఎప్పుడు పెట్టారు బాబాయ్?" అన్నాడు. నవ్వే ఓపిక నాకు లేదు.

సి.ఐ. గారు, పంచాయతీదారులు ఇద్దరు, నేను. సీలు విప్పారు. ఈసారి ముట్టుకోకుండా ముందు చూశాను. తొడుగు నిండా మైనం. కొవ్వొత్తులు కరిగి కరిగి పొరలుగా పేరుకున్న మైనం, మధ్య మధ్య కాలిన వత్తి ముక్కలు, పైన దుమ్ము పట్టి నల్లబడిన పొర. మెలిక గాడిలోంచి కూడా కారి బయట గడ్డ కట్టింది. మొదటిసారి ఇది నా కళ్ళ ముందే ఉంది. నేను తుప్పు చూశాను, మైనం చూడలేదు.

"సార్, పొడిచిందన్న కర్ర ఇదే కదా. తొడగమనండి."

ఒక పంచాయతీదారు తొడగబోయాడు. కర్ర గోరంత లోపలికి పోయి ఆగింది. వదిలితే కింద పడింది. సి.ఐ. గారే లేచి ప్రయత్నించాడు. మళ్ళీ పడింది.

"మైనం తీసేస్తే దిగుద్దిగా?" అన్నాడు.

"దిగుద్ది సార్. అప్పుడా పిల్ల మైనం తవ్వి, పొడిచి, ఇంటికొచ్చి పొరపొరగా మళ్ళీ పోసి, మధ్యలో కాలిన వత్తులు పెట్టి, పైన పాత దుమ్ము కూడా పట్టించాల. మీవాళ్ళు రెండు గంటల్లో సీలేశారు."

నేను మైనం లేని నకలుని కర్రకు తొడిగి ఆయన చేతికిచ్చాను. "సంచిని పొడవండి సార్." బలంగా పొడిచాడు. మొన దిగింది, పక్కకి ఉన్న వంపు వల్ల కర్ర చేతిలో గిర్రున తిరిగింది. వెనక్కి లాగితే కర్ర ఒక్కటే వచ్చింది, నకలు సంచిలోనే ఉండిపోయింది. "బారెల్ మీద మొటిమ ఉంటుంది సార్, గాడిలో చిక్కుకుని పట్టుకుంటుంది. కర్రకి మొటిమ ఎక్కడిది? నిజం తుపాకీ మీదే ఒక్కోసారి ఊడిపోతుందని తరవాత్తరవాత బిగింపు రింగులు పెట్టారు."

ఆపైన అసలు బాయొనెట్ పలక అంచుని నా ముంజేతికి ఆనించి అదిమి లాగాను. తెల్ల గీత పడి పోయింది. డాక్టరు రాసిన గాయం జానెడు పొడుగు, అంచులు నున్నగా తెగిన కోత. "ఇది పొడిస్తే రంధ్రం పడుద్ది సార్. కొయ్యడం దీని వల్ల కాదు."

"మరి రక్తం మరక? మొన మీద ఉందా లేదా?"

ఈ ప్రశ్న వస్తుందనే మూడు రోజులుగా నాకు అన్నం సయించలేదు. "తెలియదు సార్. లేదని నా నమ్మకం. కానీ చెప్పలేను. ఒక పలక నేనే తుడిచేశాను, మిగతా వాటి మీదికీ కిరసనాయిలు కారింది."

ఆ పిల్ల నిర్దోషి అని చెప్పే అన్నిటికంటే పెద్ద సాక్ష్యాన్ని నా చేత్తో, నా కిరసనాయిలుతో తుడిచేశానని నలుగురి ముందు చెప్పడం ఎంత కష్టమో చెప్పలేను. అదే మాట కాగితం మీద కూడా రాసి సంతకం పెట్టాను.

సి.ఐ. గారు దాన్ని రెండుసార్లు చదివాడు. "నాకీ కాగితం నచ్చలా. కానీ ఫైల్లో పెడతా" అన్నాడు.

పెట్టాడు. అంతటితో ఊరుకోకుండా డాక్టర్ని మళ్ళీ కలిశాడు, ఫిర్యాదుదారుని మళ్ళీ కూర్చోబెట్టాడు. తోపులాటలో బోర్లా పడ్డప్పుడు తన చేతిలోని కొడవలే కోసుకుందని రెండో రోజు ఆ రైతు ఒప్పుకున్నాడు. రూతు వాళ్ళింట్లో తుపాకీ బల్లెం ఉందని ఊరందరికీ తెలుసు కాబట్టి, అది చెబితే కేసు గట్టిగా ఉంటుందని ఎవరో చెప్పారట. వెరిఫికేషన్‌కి ఇంకా రెండు రోజులు ఉందనగా రూతు పేరు కేసులోంచి తీసేశారు. నన్ను తిట్టిన బాసులు చాలామంది ఉన్నారు. తిట్టి, ఆపైన పని కూడా చేసినవాడు ఈయనొక్కడే.

మీకు చెప్పేది

వస్తువు పేరు తెలిసినంత మాత్రాన మీకు పని తెలిసినట్టు కాదు. నాకు బాయొనెట్ పుట్టుక దగ్గర నుంచి తెలుసు, అయినా తప్పు చేశాను. అది దేనితో కలిస్తే పని చేస్తుంది, అది లేకపోతే ఏం చెయ్యలేదు, అన్నది చూడండి. చూసింది రాసుకున్నాకే గుడ్డ ముట్టుకోండి. తప్పు రాస్తే తప్పని రాయండి. పరువు కాస్త పోతుంది, నిద్ర వస్తుంది.

రూతు ట్రైనింగు పూర్తి చేసింది. తనంతట తానే అడిగి ఆర్మరర్ కోర్సుకి వెళ్ళింది. నేను రిటైరయ్యేనాటికి నా కుర్చీకి పక్క కుర్చీ ఆమెదే. పట్టుబడిన ఆయుధాల రిజిస్టరులో మొదటి గడి మీద ఆమె ఎర్ర సిరాతో "తుడవకముందు" అని రాసుకుంది. ఎవరి మీద రాసిందో నాకు తెలుసు.

నేను రిటైరైన వారం, ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి పిలిచింది. వాళ్ళ నాయనమ్మ సలోమి గారు మంచం మీద నుంచి లేచి నా చెయ్యి పట్టుకుంది. కోర్టు నుంచి తిరిగొచ్చిన బాయొనెట్ మళ్ళీ చెక్క దిమ్మలో నిలబడి ఉంది. తొడుగులో పాత మైనం అలాగే ఉంది, దాని మీద కొత్త కొవ్వొత్తి. మూడు పలకల్లో రెండు తుప్పు రంగు, ఒకటి తళతళలాడుతోంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మామ్మా, ఆ మెరిసే పక్క నేను చేసిన తప్పు" అన్నాను.

"రూతు చెప్పింది నాయనా" అంటూ ఆమె దిమ్మని రెండు చేతులతో మెల్లగా తిప్పి ఆ పలకని తన వైపుకి పెట్టుకుంది. "నాకు చూపానటం లేదు. ఆ పక్క ఇటు పెట్టుకుంటే ఎలుగు బాగా పడతంది బైబిలు మీద. కూకో, అగ్గిపుల్ల నువ్వే గియ్యి."

గీశాను.